ఐదు లక్షల గీతకు అవతల ఏముంది?

సహకార బ్యాంకు, వాణిజ్య బ్యాంకు, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు: మూడింటికీ బీమా ఒక్కటే. బ్యాంకు చిక్కుల్లో పడిన రోజున మాత్రం మూడింటి దారులూ వేరు.

రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న ఏ బ్యాంకులో డబ్బు దాచుకున్నా, అది ప్రభుత్వ బ్యాంకైనా, ప్రైవేటు బ్యాంకైనా, పట్టణ సహకార బ్యాంకైనా, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకైనా, డిపాజిటరుకు చట్టం ఇచ్చే బీమా ఒక్కటే: అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల రూపాయలు. 2020 ఫిబ్రవరి 4 నుంచి అమల్లో ఉన్న ఈ పరిమితి అన్ని రకాల బ్యాంకులనూ ఒకే వరసలో నిలబెడుతుంది కాబట్టి, అర శాతమో ఒక శాతమో వడ్డీ ఎక్కువ ఇచ్చే చోటే డబ్బు వేయడం తెలివైన పని అని చాలామంది అనుకుంటారు. ఐదు లక్షల లోపు సొమ్ము వరకు ఆ ఆలోచనలో పెద్దగా తప్పు లేదు. ఆ గీత దాటిన సొమ్ము విషయంలో మాత్రం బ్యాంకు యజమానులు ఎవరు, నష్టం వస్తే కొత్త పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది, కష్టకాలంలో దాన్ని ఎవరు ఆదుకుంటారు అనే ప్రశ్నలకు మూడు రకాల బ్యాంకుల దగ్గరా మూడు వేర్వేరు జవాబులు ఉంటాయి.

యజమాని ఎవరు?

వాణిజ్య బ్యాంకు వాటాదారుల పెట్టుబడితో నడిచే సంస్థ. ఎస్‌బీఐ, యూనియన్ బ్యాంకు వంటి వాటిలో అధిక వాటా కేంద్ర ప్రభుత్వానిది కాగా, ప్రైవేటు బ్యాంకుల్లో అది సాధారణ మదుపరులది, పెద్ద సంస్థలది. ఈ బ్యాంకుల వాటాలు చాలావరకు స్టాక్ మార్కెట్లో చేతులు మారతాయి, మూడు నెలలకోసారి లెక్కలు బయటపెట్టాల్సి ఉంటుంది, మూలధనం తగ్గితే కొత్త వాటాలు అమ్మి సమకూర్చుకునే వీలుంటుంది. మూలధనం అంటే యజమానుల సొంత డబ్బు. ఇచ్చిన అప్పులు తిరిగి రాకపోతే ముందుగా కరిగేది అదే, అది పూర్తిగా కరిగిన తర్వాతే నష్టం డిపాజిటర్ల దాకా వస్తుంది.

సహకార బ్యాంకు యజమానులు దాని సభ్యులు. ఎన్ని వాటాలున్నా ఒక సభ్యుడికి ఒకే ఓటు అన్నది సహకార సూత్రం, అందులోని ప్రజాస్వామ్య స్ఫూర్తి గౌరవించదగినదే. అయితే పట్టణ సహకార బ్యాంకులో అప్పు కావాలంటే సభ్యత్వం తీసుకుని, అప్పు మొత్తంలో కొంత శాతానికి వాటాలు కొనాల్సి ఉంటుంది గానీ, డిపాజిట్ వేయడానికి సభ్యుడు కానక్కర్లేదు. దీనివల్ల పాలకవర్గాన్ని ఎన్నుకునేవారిలో అప్పు తీసుకున్నవారు ఎక్కువగా, డబ్బు దాచుకున్నవారు తక్కువగా ఉండే పరిస్థితి ఏర్పడుతుంది. బ్యాంకు నడిచేది డిపాజిటర్ల సొమ్ముతో, దాన్ని నడిపేవారిని ఎన్నుకునేది ప్రధానంగా రుణగ్రహీతలు కావడమే ఈ వ్యవస్థకు పుట్టుకతో వచ్చిన బలహీనత. పైగా సహకార వాటాలు ముఖవిలువకే తిరిగి చేతికి వస్తాయి తప్ప మార్కెట్లో అమ్ముడుపోవు కాబట్టి, నష్టాల్లో ఉన్న బ్యాంకులో కొత్తగా డబ్బు పెట్టడానికి ఎవరికీ ఆసక్తి ఉండదు.

స్మాల్ ఫైనాన్స్ బ్యాంకును ఈ రెండింటికీ నడిమి రకంగా చాలామంది భావిస్తారు గానీ, చట్టం దృష్టిలో అది పూర్తిగా వాణిజ్య బ్యాంకే. రిజర్వు బ్యాంకు 2014 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చి, 2015 సెప్టెంబరులో పది సంస్థలకు సూత్రప్రాయ అనుమతి ఇవ్వగా, వాటిలో మొదటిది 2016 ఏప్రిల్‌లో తలుపులు తెరిచింది. వీటిలో అత్యధికం అంతకుముందు సూక్ష్మరుణ సంస్థలుగా పనిచేసినవే. చిన్న రైతులకు, చిరు వ్యాపారులకు అప్పులివ్వడం వీటి ప్రధాన కర్తవ్యం గనుక, రుణాల్లో కనీసం సగం 25 లక్షల రూపాయల లోపువే అయి ఉండాలన్న షరతు ఉంది. చిన్న అప్పుల్లో ముప్పు ఎక్కువ కావడంతో, తాము ఇచ్చిన అప్పుల ముప్పుతో పోల్చి చూసినప్పుడు కనీసం 15 శాతం మూలధనం ఉంచుకోవాలని వీటిని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పెద్ద వాణిజ్య బ్యాంకులకు ఈ కనీస నిష్పత్తి, అదనపు రక్షణ నిల్వతో కలిపి, 11.5 శాతమే. పట్టణ సహకార బ్యాంకుల్లో 100 కోట్ల రూపాయల లోపు డిపాజిట్లున్న చిన్నవాటికి 9 శాతంగా, వాటికంటే పెద్దవాటికి 12 శాతంగా నిర్ణయించారు.

బీమా లెక్క ఎలా నడుస్తుంది?

బ్యాంకు డిపాజిట్లకు బీమా కల్పించే సంస్థ డిపాజిట్ బీమా, రుణ హామీ కార్పొరేషన్. రిజర్వు బ్యాంకుకు పూర్తి అనుబంధ సంస్థ అయిన దీన్ని అందరూ డీఐసీజీసీ అంటారు. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు కూలిపోయిన తర్వాత డిపాజిట్ బీమా చట్టం వచ్చి, 1962 జనవరి 1 నుంచి అమలైంది. అప్పటి పరిమితి 1,500 రూపాయలు. 1993లో లక్షకు చేరిన ఆ మొత్తం దాదాపు ఇరవై ఏడేళ్లు అక్కడే ఆగి, పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు, అంటే పీఎంసీ బ్యాంకు, పతనం తర్వాతే ఐదు లక్షలైంది. ప్రీమియం కట్టేది బ్యాంకే, ఖాతాదారు కాదు. 2020 నుంచి అన్ని బ్యాంకులూ వంద రూపాయల డిపాజిట్‌కు ఏడాదికి 12 పైసల చొప్పున ఒకే రేటు కట్టగా, బ్యాంకు ఆరోగ్యాన్ని బట్టి ప్రీమియం మారే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరులో ప్రకటించింది. ప్రీమియం మారినా డిపాజిటరుకు దక్కే రక్షణ మాత్రం మారదు.

ఐదు లక్షల పరిమితి ఖాతాకు కాదు, ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి ఒక హోదాలో ఉన్న మొత్తం సొమ్ముకు. ఒకే బ్యాంకుకు చెందిన తెనాలి శాఖలో పొదుపు ఖాతా, విజయవాడ శాఖలో ఫిక్స్‌డ్ డిపాజిట్, మరో శాఖలో రికరింగ్ డిపాజిట్ ఉంటే, మూడూ కలిసి ఐదు లక్షలకే లెక్క. సొంత దుకాణం పేరు మీద కరెంటు ఖాతా ఉన్నా, ఆ దుకాణానికి ఏకైక యజమాని అతడే అయితే, అదీ ఈ లెక్కలోకే వస్తుంది. భాగస్వామ్య సంస్థలో భాగస్వామిగానో, మైనరు పిల్లలకు సంరక్షకుడిగానో ఉన్న ఖాతాకు మాత్రం వేరుగా ఐదు లక్షల రక్షణ ఉంటుంది. ఉమ్మడి ఖాతాల విషయంలో పేర్ల వరస కూడా లెక్కలోకి వస్తుంది: మొదట భర్త పేరు, తర్వాత భార్య పేరు ఉన్న ఖాతా ఒక హోదా, మొదట భార్య పేరు ఉన్న ఖాతా మరో హోదా. అంటే భర్త విడి ఖాతా, భార్య విడి ఖాతా, రెండు వరసల్లో ఉమ్మడి ఖాతాలు కలిపి, ఒకే బ్యాంకులో ఒక జంటకు ఇరవై లక్షల దాకా రక్షణ దొరుకుతుంది. బ్యాంకు మూతపడినప్పుడు డిపాజిటరు అదే బ్యాంకుకు బాకీ ఉంటే, ఆ బాకీ మినహాయించాకే మిగతా సొమ్ముకు బీమా లెక్క కడతారు.

ఆ సొమ్ము ఎప్పుడు చేతికొస్తుందన్నది మరో ప్రశ్న. పూర్వం బ్యాంకు లైసెన్సు రద్దై, ఆస్తులమ్మి అప్పులు తీర్చే అధికారి, అంటే లిక్విడేటర్, నియమితుడైన తర్వాతే బీమా చెల్లింపు మొదలయ్యేది. డబ్బు తీయకుండా ఆంక్షలు పెట్టిన బ్యాంకు లైసెన్సు రద్దు కాకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతే డిపాజిటరు ఎటూ కాకుండా పోయేవాడు. 2021 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ ఈ పద్ధతిని మార్చింది. ఆంక్షలు విధించిన రోజు నుంచి 45 రోజుల్లో బ్యాంకు తన డిపాజిటర్ల జాబితా ఇవ్వాలి, తర్వాతి 30 రోజుల్లో కార్పొరేషన్ దాన్ని సరిచూడాలి, ఆ తర్వాత 15 రోజుల్లో చెల్లించాలి. అంటే మొత్తం 90 రోజులు. బ్యాంకును మరో దానిలో కలిపే ప్రయత్నం నడుస్తుంటే రిజర్వు బ్యాంకు ఇంకో 90 రోజులు పొడిగించవచ్చు. ఈ సొమ్ము తనంతట తాను రాదు. డిపాజిటరు తన సమ్మతి పత్రం, గుర్తింపు పత్రాలు, వేరే బ్యాంకులోని ఖాతా వివరాలు గడువులోగా ఇవ్వాలి. కేవైసీ పాతబడిపోయిన వృద్ధులు, చనిపోయిన వారి ఖాతాలకు నామినీ లేని వారసులు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

ఒకే నగరంలో రెండు ముగింపులు

గీతకు అవతలి సొమ్ము ఏమవుతుందో తెలుసుకోవడానికి జంటనగరాల అనుభవమే చాలు. 2001, 2002 ప్రాంతంలో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ వంటి పట్టణ సహకార బ్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి కుప్పకూలాయి. అప్పటి బీమా పరిమితి లక్ష రూపాయలు. దానికి మించి దాచుకున్న వారి సొమ్ము లిక్విడేటర్ మొండి బాకీలు వసూలు చేసి, తాకట్టు ఆస్తులు అమ్మి ఎంత రాబట్టగలడన్న దాని మీదే ప్రధానంగా ఆధారపడింది. ఆ రాబడిలోనూ డిపాజిటర్లకు బీమా చెల్లించిన కార్పొరేషన్ బాకీ ముందు తీరాలి. మిగిలింది పంచడానికి ఏళ్లు పడుతుంది.

ఆ తర్వాత రెండేళ్లకే, 2004 జులై 24న, సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసిన ప్రైవేటు వాణిజ్య బ్యాంకు గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద కేంద్ర ప్రభుత్వం మారటోరియం, అంటే చెల్లింపులపై తాత్కాలిక నిలుపుదల, విధించింది. మూడు వారాలకే, ఆగస్టు 14న, ఆ బ్యాంకును ప్రభుత్వ రంగ ఓరియెంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. వాటాదారులు తమ పెట్టుబడి పోగొట్టుకున్నారు గానీ, డిపాజిటర్ల సొమ్ము, లక్ష దాటినదైనా కోటి దాటినదైనా, పూర్తిగా కొత్త బ్యాంకు పుస్తకాల్లోకి మారింది.

ఈ తేడా యాదృచ్ఛికం కాదు. పెద్ద వాణిజ్య బ్యాంకు కూలితే ఇతర బ్యాంకులకూ, వ్యాపార చెల్లింపులకూ దెబ్బ తగులుతుంది గనుక ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు వేగంగా కదులుతాయి. వందల శాఖలు, లక్షల ఖాతాదారులు దొరుకుతారు గనుక కలుపుకోవడానికి మరో బ్యాంకూ ముందుకొస్తుంది. 2020 మార్చి 5న యెస్ బ్యాంకు మీద 50,000 రూపాయల ఉపసంహరణ పరిమితి పెట్టినప్పుడు ఎస్‌బీఐ, మరికొన్ని బ్యాంకులు పెట్టుబడి పెట్టడంతో మార్చి 18కల్లా ఆ ఆంక్ష తొలగిపోయింది. అదే ఏడాది నవంబరు 17న మారటోరియంలోకి వెళ్లిన లక్ష్మీ విలాస్ బ్యాంకు పది రోజుల్లో డీబీఎస్ బ్యాంక్ ఇండియాలో కలిసిపోయింది. ఈ రెండింటిలోనూ డిపాజిటర్లు ఇబ్బంది పడింది కొద్ది రోజులే. ఇది చట్టం రాసిచ్చిన హామీ కాదు, ఇన్నేళ్లుగా నడుస్తున్న ఆనవాయితీ. చట్టపరమైన హామీ అక్కడా ఐదు లక్షలకే.

పీఎంసీ డిపాజిటరు లెక్క

సహకార బ్యాంకుల్లో ఇటీవలి అతిపెద్ద పతనం ముంబయి కేంద్రంగా పనిచేసిన పీఎంసీ బ్యాంకుది. 2019 సెప్టెంబరు 23 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశంతో దాని ఖాతాదారులకు మొదట అనుమతించిన ఉపసంహరణ వెయ్యి రూపాయలు మాత్రమే. తర్వాత అంచెలంచెలుగా పెంచిన ఆ పరిమితి లక్షకు చేరేసరికి 2020 జూన్ వచ్చింది. బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో 70 శాతానికి పైగా హెచ్‌డీఐఎల్ అనే ఒక్క స్థిరాస్తి వ్యాపార సమూహానికే వెళ్లాయని, ఆ సంగతి తనిఖీ అధికారుల కంట పడకుండా ఉండేందుకు 21,000కు పైగా కల్పిత రుణ ఖాతాలు సృష్టించారని అప్పుడు బయటపడింది. అంతకు కొద్ది నెలల ముందు బ్యాంకు ప్రకటించిన మొండి బాకీలు నాలుగు శాతం లోపే. పుస్తకాల్లోని అంకెలు ఎంత అందంగా ఉన్నా అవే చివరి మాట కావని ఈ ఉదంతం చెబుతుంది.

ఈ బ్యాంకును 2022 జనవరి 25న యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపారు. విలీన పథకం ప్రకారం ఐదు లక్షల దాకా సొమ్ము బీమా నిధి నుంచి అందింది. ఆపై సొమ్ముకు మాత్రం దీర్ఘమైన వాయిదాల పట్టిక తయారైంది. పదిహేను లక్షలు దాచుకున్న వ్యక్తిని ఊహించుకుంటే, ఐదు లక్షలు ముందుగా పోగా మిగిలిన పది లక్షలు ఇలా వస్తాయి: మొదటి ఏడాది చివర 50,000, రెండో ఏడాది చివర మరో 50,000, మూడో ఏడాది చివర లక్ష, నాలుగో ఏడాది చివర రెండున్నర లక్షలు, ఐదో ఏడాది చివర ఐదున్నర లక్షలు. పదిహేను లక్షలకు మించి ఉన్నవారి మిగతా సొమ్ము పదేళ్ల తర్వాతే. 2021 మార్చి 31 తర్వాతి కాలానికి, విలీనం నుంచి ఐదేళ్లు నిండేదాకా, వడ్డీ లేదు. ఆ తర్వాత ఇచ్చే వడ్డీ 2.75 శాతం.

రూపాయి పోలేదు గనుక ఇది నష్టం కాదనడం సరికాదు. ఏడు శాతం వడ్డీ వచ్చే చోటు అందుబాటులో ఉందనుకుంటే, ఐదేళ్ల తర్వాత చేతికొచ్చే ఐదున్నర లక్షలకు విలీనం నాటి విలువ సుమారు 3 లక్షల 92 వేలు. ఆంక్షలు మొదలైన రోజు నుంచి చూస్తే ఆ నిరీక్షణ ఏడేళ్లు దాటుతుంది. ఒక శాతం అదనపు వడ్డీ కోసం పదిహేను లక్షలు అక్కడ ఉంచిన డిపాజిటరుకు ఏడాదికి దక్కిన లాభం 15,000 రూపాయలు. ఆ లాభాన్ని ఈ నష్టంతోనూ, ఆ ఏళ్లలో ఆగిపోయిన చికిత్సలతోనూ, పెళ్లిళ్లతోనూ, చదువులతోనూ పోల్చి చూడాలి.

ఐదు లక్షల లోపు ఉన్నవారి అనుభవం వేరు. 2024 నవంబరులో విజయవాడలోని దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సును రద్దు చేస్తూ, దాని డిపాజిటర్లలో 95.8 శాతం మందికి పూర్తి సొమ్ము బీమా నుంచే దక్కుతుందని రిజర్వు బ్యాంకు తెలిపింది. మిగతా కొద్ది శాతం మంది గీత దాటినవారు, వారి ఆశలన్నీ లిక్విడేటర్ వసూళ్ల మీదే. 2020లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టాన్ని సవరించి, సహకార బ్యాంకుల పాలకవర్గాలను రద్దు చేయడానికీ, వాటిని పునర్వ్యవస్థీకరించడానికీ రిజర్వు బ్యాంకుకు ఎక్కువ అధికారాలు ఇచ్చిన మాట నిజం. సహకార శాఖ, రిజర్వు బ్యాంకుల జోడు పెత్తనం దాంతో కొంత తగ్గింది. చిన్న సహకార బ్యాంకును కొనడానికి ముందుకొచ్చే పెట్టుబడిదారు లేని లోటును మాత్రం ఏ సవరణా తీర్చలేదు.

స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు: తక్కువ వయసు, ఎక్కువ వడ్డీ

ఇప్పటివరకు ఏ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకూ మారటోరియంలోకి వెళ్లలేదు, డిపాజిటర్లకు చెల్లింపులు ఆపలేదు. అయితే వీటి చరిత్ర పదేళ్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే. ఇవి ఎక్కువ వడ్డీ ఇవ్వగలగడానికి కారణం, తాము ఇచ్చే సూక్ష్మరుణాలపై ఇంకా ఎక్కువ వడ్డీ వసూలు చేయడం. ఆ అప్పుల్లో చాలావాటికి తాకట్టు ఉండదు. ఒక జిల్లాలోనో రాష్ట్రంలోనో వరద, కరువు, రాజకీయ నిర్ణయం వస్తే వేలమంది వాయిదాలు ఒకేసారి ఆగిపోతాయి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినప్పుడు ఇక్కడి సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు నెలల వ్యవధిలో అడుగంటిన తీరు తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకును అంచనా వేసేటప్పుడు దాని అప్పుల్లో తాకట్టు లేనివి ఎంత, అవి ఎన్ని రాష్ట్రాల్లో పరచుకుని ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలు ముందుగా వేసుకోవాలి. బంగారు రుణాలు, ఇంటి రుణాలు, వాహన రుణాల వైపు మళ్లిన బ్యాంకు, పూర్తిగా సంఘాల అప్పుల మీదే ఆధారపడిన బ్యాంకు కంటే నిలకడైనది.

ఇది కంపెనీ కాబట్టి కొత్త పెట్టుబడి తెచ్చుకోగలదు, చిక్కుల్లో పడితే కొనుగోలుదారు దొరికే అవకాశమూ ఎక్కువ. ఆ లెక్కన ఇది సహకార బ్యాంకు కంటే వాణిజ్య బ్యాంకుకే దగ్గర. అంత మాత్రాన ఎస్‌బీఐ, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ బ్యాంకులను దేశ ఆర్థిక వ్యవస్థకు కీలకమైనవిగా గుర్తించి, రిజర్వు బ్యాంకు వాటిపై ఉంచే ప్రత్యేక నిఘాతో దీన్ని సమానం చేయలేం.

సేవల్లో తేడా

రోజువారీ సేవల్లో వాణిజ్య, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుల మధ్య దూరం తక్కువే. యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు రెండింటిలోనూ ఉంటాయి. పెద్ద మొత్తంలో ఇంటి రుణం, విదేశీ చదువుకు డబ్బు పంపడం, ప్రవాస భారతీయుల ఖాతాలు, మారుమూల మండలంలోనూ శాఖ వంటివి కావాలంటే పెద్ద వాణిజ్య బ్యాంకుదే పైచేయి. చిన్న సహకార బ్యాంకుల్లో చాలావాటికి చెల్లింపుల వ్యవస్థలో నేరుగా సభ్యత్వం ఉండదు, మరో పెద్ద బ్యాంకు ద్వారా అవి ఆ సేవలు అందిస్తాయి. ఇంటర్నెట్లో డబ్బు బదిలీ సౌకర్యం ఇవ్వాలంటే రిజర్వు బ్యాంకు పెట్టిన ఆర్థిక అర్హతలు కావాలి గనుక, ఆ సౌకర్యం లేని సహకార బ్యాంకులు ఇంకా ఉన్నాయి. సైబర్ భద్రతకు పెట్టే ఖర్చు కూడా చిన్న బ్యాంకుకు మోయలేని భారమే. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడిన నేరగాళ్లు 12 కోట్ల రూపాయలకు పైగా దారి మళ్లించారు.

సహకార బ్యాంకు బలం మరో చోట ఉంది. మేనేజరుకు ఖాతాదారు కుటుంబం తెలుసు, జీతం చీటీ లేని చిరు వ్యాపారి రాబడి ఎంతో తెలుసు, బంగారం మీద అప్పు గంటలో చేతికొస్తుంది. పెద్ద బ్యాంకు కంప్యూటరు తిరస్కరించే దరఖాస్తును ఇక్కడ మనిషి కూర్చుని పరిశీలిస్తాడు. డబ్బు దాచుకోవడానికి కంటే అప్పు తీసుకోవడానికి సహకార బ్యాంకు మేలైన చోటు అనడం అందుకే అతిశయోక్తి కాదు. అప్పు తీసుకున్నవాడికి బ్యాంకు మూతపడినా పోయేది దాదాపు ఏమీ ఉండదు, కొన్న వాటాల సొమ్ము తప్ప.

బ్యాంకు కాని సంఘాలు

ఇంతవరకు చెప్పిన బీమా వర్తించని చోటు ఒకటి ప్రతి మండలంలోనూ ఉంది. రాష్ట్ర సహకార బ్యాంకులకు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులకు, పట్టణ సహకార బ్యాంకులకు డీఐసీజీసీ రక్షణ ఉంటుంది. ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాలకు, ఉద్యోగుల పరపతి సంఘాలకు, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఏర్పడిన పొదుపు సంఘాలకు ఆ రక్షణ లేదు. వాటికి బ్యాంకింగ్ లైసెన్సు ఉండదు, సభ్యులు కానివారి నుంచి డిపాజిట్లు తీసుకునే అధికారం ఉండదు, పేరులో బ్యాంకు అనే మాట వాడుకునే హక్కూ ఉండదు. అయినా కొన్ని వాడుతున్నాయని రిజర్వు బ్యాంకే 2021 నవంబరులో ప్రజలను హెచ్చరించింది. కౌంటరు, పాసుపుస్తకం, లాకరు చూసి బ్యాంకు అనుకుంటే ఒక్క రూపాయికి కూడా బీమా ఉండదు. బీమా ఉన్న బ్యాంకుల జాబితా డీఐసీజీసీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. బ్యాంకులు తమ వెబ్‌సైట్లలో ఆ కార్పొరేషన్ చిహ్నాన్నీ క్యూఆర్ కోడ్‌నూ చూపాలన్న నిబంధన 2023 సెప్టెంబరు నుంచి ఉంది.

ఒక కుటుంబం పట్టిక

ఇవన్నీ ఒకచోట చేరితే లెక్క ఎలా మారుతుందో చూడటానికి, విశ్రాంత ఉద్యోగి అయిన భర్త, గృహిణి అయిన భార్య 23 లక్షలు దాచుకున్నారని ఊహిద్దాం. పట్టణ సహకార బ్యాంకులో భర్త పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆరు లక్షలు, పొదుపు ఖాతాలో 40,000, చిన్న దుకాణం కరెంటు ఖాతాలో 60,000 ఉన్నాయి. ఊరి పరపతి సంఘంలో మూడు లక్షలు ఉన్నాయి. భర్త పేరిటే పూర్వపు ఆంధ్రా బ్యాంకులో నాలుగు లక్షలు, కార్పొరేషన్ బ్యాంకులో నాలుగు లక్షలు వేరువేరుగా ఉండేవి. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో భార్య పేరిట ఐదు లక్షలు, గడువు తీరాక వడ్డీతో కలిపి తీసుకునే మూడేళ్ల డిపాజిట్‌గా ఉన్నాయి.

సహకార బ్యాంకులోని మూడు ఖాతాలూ ఒకే హోదావి కాబట్టి ఏడు లక్షల్లో రెండు లక్షలు బీమా బయట ఉన్నాయి. సంఘంలోని మూడు లక్షలూ పూర్తిగా బయటే. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిసిపోవడంతో ఆ ఎనిమిది లక్షలు ఇప్పుడు ఒకే బ్యాంకు సొమ్ము, అందులో మూడు లక్షలు గీత దాటాయి. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో ఎనిమిది శాతం వడ్డీ అనుకుంటే, మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తూ ఐదు లక్షలు మూడేళ్లకు సుమారు 6 లక్షల 34 వేలవుతాయి, పెరిగిన వడ్డీ అంతా రక్షణకు అవతలే. తమ డబ్బంతా బీమాలో ఉందనుకున్న ఆ జంటకు ఈ రోజున ఎనిమిది లక్షలు, మూడేళ్ల చివర మరో లక్షా 34 వేలు బీమా లేనివే.

సరిదిద్దడం కష్టమేమీ కాదు. సహకార బ్యాంకులోని ఏడు లక్షలను భర్త పేరిట మూడున్నర, భార్య పేరిట మూడున్నరగా మార్చితే రెండూ గీత లోపలికి వస్తాయి. భార్య పేరిట ఉన్న స్మాల్ ఫైనాన్స్ డిపాజిట్‌ను 4 లక్షల 90 వేలకు తగ్గించి, వడ్డీ మూడు నెలలకోసారి తీసుకునే పద్ధతికి మార్చితే, ఏ సమయంలోనైనా పోగుపడే వడ్డీ 9,800 మించదు, అసలుతో కలిపి 4,99,800 రూపాయలే అవుతుంది. సంఘంలోని మూడు లక్షలను అదే బ్యాంకులో భర్త పేరిట మూడేళ్లకు వేస్తే, గడువు నాటికి 3 లక్షల 80 వేలవుతాయి. యూనియన్ బ్యాంకులోని ఎనిమిది లక్షల వెనుక ప్రభుత్వ యాజమాన్యం ఉంది గనుక కదపకపోయినా ఫరవాలేదు, కావాలంటే సగం భార్య పేరిట మార్చుకోవచ్చు. గడువుకు ముందే డిపాజిట్ రద్దు చేస్తే వడ్డీలో కోత పడుతుంది కాబట్టి ఈ మార్పులు గడువు తీరినప్పుడల్లా ఒక్కొక్కటిగా చేసుకోవడం మేలు.

ముందే కనిపించే గుర్తులు

సహకార బ్యాంకు బాగోగులు వార్షిక నివేదికలో కొంతైనా కనిపిస్తాయి. మూలధన నిష్పత్తి కనీస హద్దుకు దగ్గరగా జారుతూ ఉండటం, నికర మొండి బాకీలు ఆరు శాతం దాటడం, ఆడిట్ పూర్తయిన లెక్కలు ఆలస్యం కావడం, సర్వసభ్య సమావేశం వాయిదాలు పడటం, పాలకవర్గం ఏళ్ల తరబడి ఒకే కుటుంబం చేతిలో ఉండటం, చుట్టుపక్కల బ్యాంకులన్నింటికంటే ఒక శాతానికి మించి ఎక్కువ వడ్డీ ఇస్తామనడం, ఇవన్నీ జాగ్రత్త పడాల్సిన సూచనలు. రిజర్వు బ్యాంకు జరిమానా వేసిందన్న వార్త మాత్రం దివాలాకు గుర్తు కాదు, పెద్ద బ్యాంకులకూ జరిమానాలు పడుతుంటాయి. కొత్త అప్పులు ఇవ్వొద్దని, కొత్త డిపాజిట్లు తీసుకోవద్దని ఆదేశం వస్తే అది వేరే సంగతి, అప్పటికి సామాన్య డిపాజిటరుకు తన డబ్బు తీసుకునే సమయం కూడా సాధారణంగా మిగలదు. అందుకే గుర్తులు వెతకడం కంటే సొమ్మును ముందే గీత లోపల సర్దుకోవడం నమ్మకమైన మార్గం.

సహకార బ్యాంకులోనూ, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులోనూ ఒక్కో పేరు మీద వడ్డీతో కలిపి ఐదు లక్షలు దాటనివ్వకూడదు. అంతకు మించిన సొమ్మును, ముఖ్యంగా మరో రాబడి లేని వృద్ధాప్యపు సొమ్మును, ప్రభుత్వ రంగ బ్యాంకులోనో పెద్ద ప్రైవేటు బ్యాంకులోనో, తక్కువ వడ్డీకైనా సరే, ఉంచాలి. లైసెన్సు లేని సంఘంలో పోయినా తట్టుకోగల మొత్తం తప్ప వేయకూడదు. ప్రభుత్వం చేయాల్సిందీ ఒకటుంది: సహకార బ్యాంకు పాలకవర్గంలో సభ్యులు కాని డిపాజిటర్లకూ తగినంత ప్రాతినిధ్యం కల్పించడం. ఎవరి సొమ్ముతో బ్యాంకు నడుస్తోందో వారి మాటకు విలువ లేనంతకాలం, మూతపడ్డాక ఇచ్చే బీమా ఎంత పెంచినా అసలు లోపం అలాగే ఉండిపోతుంది.